మూశాడా, తెరిచాడా

మా విభాగం మూడో అంతస్తులో, మెట్ల పక్క గది. అందులో నాలుగు బల్లలు, ఒక ఇనుప బీరువా, ఒక వంతెన మాష్టారు ఉంటారు. బీరువాను ఇద్దరు మనుషులు పట్టి కదపగలరు. మాష్టారిని కదపడం అంత తేలిక కాదు.

ఆ పేరు పెట్టింది నేనే. పదిహేడేళ్లుగా ఆయన దిద్దిన కాగితాలు టైపు చేస్తున్నదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. వేదమంత్రాలను తెలుగులోకి తేవడం మా పని. అనువాదకులు రాస్తారు, మాష్టారు సరిచూస్తారు, నేను అక్షరాలు కూరుస్తాను.

వంతెన ఎందుకంటే, మనం బళ్లో చదువుకున్న సంస్కృతంలో ఉపసర్గ క్రియను అంటిపెట్టుకునే ఉంటుంది. గచ్ఛతి అంటే వెళ్తాడు, ఆగచ్ఛతి అంటే వస్తాడు. ఆ చిన్న 'ఆ' క్రియను వదిలి ఎక్కడికీ పోదు. వేదంలో అలా కాదు. ఉపసర్గ వాక్యం మొదట్లో కూర్చుంటుంది, క్రియ చివరెక్కడో ఉంటుంది, మధ్యలో నాలుగైదు మాటలు అడ్డం. చెప్పు ఒకటి గుమ్మం దగ్గర, రెండోది వీధి చివర దొరికినట్టు. జత కలపకుండా తెలుగు చేస్తే వస్తున్న దేవుణ్ణి వెనక్కి పంపించేస్తాం. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మంత్రాన్ని పదం పదంగా విడగొట్టి అచ్చేసిన పేజీకి జిరాక్సు తీస్తాం. విడిపోయిన ప్రతి ఉపసర్గ నుంచి దాని క్రియ దాకా పెన్సిలుతో వంతెనలా వంపు గీత గీస్తాం. ఆ తర్వాతే తెలుగు. ఆ పద్ధతి పెట్టింది మాష్టారు.

ఆ పనికి అనుమానం ఉండాల్సిందే. ద్వితీయా విభక్తిలో ఉన్న నామం పక్కన 'అభి' కనబడితే అది నామం తాలూకా, క్రియ తాలూకా అని అడగాలి. ఉపసర్గ రెండోసారి వచ్చి క్రియ రాకపోతే, మొదట వచ్చిన క్రియనే మళ్లీ తెచ్చుకోవాలి. మాష్టారు ప్రతి ఉపసర్గనూ పోలీసు స్టేషన్లో నిలబెట్టినట్టు విచారిస్తారు. చిక్కేమిటంటే, సాయంత్రం ఐదింటికి ఉపసర్గలు ఇంటికి పోతాయి, అనుమానం మాత్రం ఆయనతోనే ఉండిపోతుంది. టిఫిను డబ్బా మూత తీసి ముందు వాసన చూస్తారు.

"కట్టింది మీ ఆవిడేగా మాష్టారూ" అన్నాను ఒకసారి.

"కట్టింది ఆవిడే. మధ్యలో మూడు గంటలు ఇక్కడుంది" అని నా వైపు చూశారు.

ఆవిడ ఫోన్లో నాతో అన్నారు, "పెళ్లై ముప్పై నాలుగేళ్లయిందమ్మా. గడియ వేశానని చెప్తే ఇప్పటికీ వెళ్లి చూసొస్తారు." నవ్వుతూనే అన్నారు గాని, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అలాంటి గదిలోకి కొత్తమ్మాయి వచ్చింది. ఆరు నెలలు పరీక్షాకాలం. అది పూర్తయ్యే నాటికి మాష్టారు డైరెక్టరుగారికి రిపోర్టు ఇవ్వాలి. బాగుందంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. ఇంట్లో తల్లి, మంచం దిగలేని అమ్మమ్మ. ఈ చదువు చదివినవాళ్లకు పనిచ్చే ఆఫీసు మాదొక్కటే, అది తనకూ తెలుసు. నన్ను అక్కా అని పిలిచేది. పొద్దున్నే వచ్చి, తల వంచితే మళ్లీ భోజనానికే ఎత్తేది.

మొదటి నెలలోనే మాష్టారికి కంట్లో నలుసు పడింది. ఆ పిల్ల తెచ్చిచ్చిన తెలుగు సరిగ్గానే ఉంది. జిరాక్సు పేజీ మీద మాత్రం ఒక్క గీత లేదు, కడిగిన ముత్యంలా తెల్లగా ఉంది.

"చూశావా?" అని పేజీని కిటికీ వెలుగుకి పట్టి నాకు చూపించారు. "వంతెన కట్టలేదు. మరి ఏరు ఎలా దాటింది?"

"మనసులో గీసుకుందేమో."

"మనసులో గీసుకునే వయసా?"

ఆయన దగ్గర ఇంకో మందుగుండు ఉంది. ఇరవై ఆరేళ్ల క్రితం ఈ మంత్రాలనే మాష్టారు ఒక్కరే అనువదించి, ఒక్కో మంత్రాన్ని గీతలతో, తెలుగుతో సహా ఒక్కో అట్టముక్క మీద రాసుకున్నారు. అప్పటి డైరెక్టరు పోవడంతో అచ్చు ఆగిపోయింది. అట్టలు ఇనుప బీరువాలో ఉన్నాయి. తాళంచెవులు రెండు, ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర. అట్టలు తీసి పోల్చారు. చాలా చోట్ల మాటకు మాట ఒకటే.

ఆ రోజు నుంచి నేను కూడా ముద్దాయినే. "నీ తాళం ఎక్కడ పెడతావమ్మా?" అని అడిగారు. మర్నాడు కూడా అడిగారు. నాకు ఒళ్లు మండింది. ఏ క్రియకు ఏ తెలుగు మాట వాడాలో పట్టిక రాసి అందరి బల్లల మీదా అంటించింది ఈయనే. వృణోతి అంటే మూస్తాడు, 'అప' కలిస్తే తెరుస్తాడు అని అందులోనే ఉంది. అందరం అదే వాడితే మాటలు కలవక ఏం చేస్తాయి? ఈ మాట ముఖం మీదే అన్నాను.

"నిజమే, ఒప్పులు కలిస్తే ఏమీ తేలదు" అన్నారు శాంతంగా. "తప్పు కలిస్తేనే దొంగ దొరికినట్టు. కాని నా అట్టల్లో తప్పు లేదే. అదే నా కష్టం."

ఇంకో సాక్ష్యం కూడా పోగేశారు. కొత్తమ్మాయి బల్ల మీద రోజూ రబ్బరు పొడి కనబడేది. ఓ చిటికెడు కాగితంలో పొట్లం కట్టి సొరుగులో దాచుకున్నారు. దేన్నో చెరిపేస్తోందట.

ఆరో నెల చివరి శుక్రవారం మధ్యాహ్నం ఆయన కుర్చీ కిర్రుమంది. ఒక చేతిలో అట్ట, ఒక చేతిలో ఆ పిల్ల కాగితం. "దొరికింది" అన్నారు.

ఒక మంత్రంలో అట్టకీ కాగితానికీ పొంతన లేదు. శత్రువును దేవుడు కొట్టి తరిమి, ఆవుల దొడ్డిని మూస్తాడని మాష్టారి అట్ట. శత్రువును చంపినవాడు ఆవుల దొడ్డిని తెరుస్తాడని ఆ పిల్ల తెలుగు. మాష్టారు నిలబడే రిపోర్టు చెప్పడం మొదలుపెట్టారు: "కుదిరిన చోట కాపీ కొట్టింది. కుదరని చోట సొంతంగా చేసి పప్పులో కాలేసింది. దేవుడు మూసిన దొడ్డిని తెరిచేసింది. ఈ పనికి పనికిరాదు."

నేను మీటలు నొక్కలేదు. "నాలుగింటికి ఇస్తే చాలుగా. ముందు ఆ అమ్మాయిని ఒక్క మాట అడగండి. అడక్కపోతే నేను టైపు చెయ్యను."

పదిహేడేళ్లలో నేను కాదనడం అదే మొదలు. ఆయన కొత్తమ్మాయిని పిలిచారు.

"ఈ పేజీ మీద గీతలేవమ్మా?"

"చెరిపేశాను సర్."

"ఎందుకు?"

ఆ పిల్ల బీరువా పక్కన గోడ వైపు చూసింది. అక్కడ పసుపెక్కిన కాగితం ఒకటి అంటించి ఉంది. "జిరాక్సు ప్రతులు శుభ్రముగా తిరిగి ఇయ్యవలెను." కింద మాష్టారి సంతకం. ఎప్పుడో ఎవరో పేజీల మీద టీ ఒలకబోసినప్పుడు రాసింది. మేమంతా దాన్ని చూడటం మానేసి పదేళ్లయింది. ఆ పిల్ల మాత్రం ఆరు నెలలుగా పాటిస్తోంది. గీసిన ప్రతి వంతెననూ పడగొట్టి మరీ ఇస్తోంది.

నేను పొట్లం ఉన్న సొరుగు వైపు చూశాను. మాష్టారు ఆ సొరుగును మోకాలితో మూశారు.

"సరే. ఈ 'అప' సంగతి చెప్పు" అన్నారు, గొంతు తగ్గించకుండా. "హంతి పక్కనే అప ఉంది. కలిపి చదివితే హంత్యప, కొట్టి తరుముతాడని. దీన్ని వదిలేసి ఎక్కడో చివరున్న వృణోతికి ఎలా ముడిపెట్టావు?"

"పక్కనున్నంత మాత్రాన చుట్టాలు కారు కదా సర్" అంది. అని, తనే భయపడింది. నేను తల తిప్పుకుని నవ్వు ఆపుకున్నాను.

వేదంలో స్వరం అంటే ఎత్తి పలికే అక్షరం, 'యః' లాంటి మాటతో మొదలైన వాక్యంలో క్రియకు అది ఉంటుంది, ప్రధాన వాక్యంలో క్రియకు మామూలుగా ఉండదు. ఆ పిల్ల పేజీని బల్ల మీద పరిచి, పెన్సిలు తిరగేసి చూపించింది. "హంతికి స్వరం ఉంది. 'యః' అని మొదలైన వాక్యంలో క్రియ అది, 'ఎవడు చంపుతాడో' అని. వృణోతి చూడండి, మూడక్షరాల కిందా అడ్డగీతలే. స్వరం లేదు. అంటే ప్రధాన వాక్యంలో క్రియ. అప తన స్వరంతో విడిగా నిలబడింది. అది హంతిదే అయితే, 'యః' వాక్యం కాబట్టి మామూలుగా స్వరం వదులుకుని హంతికి ముందు అతుక్కునేది."

"ఎప్పుడూ అలాగే అని లేదు. క్రియ వెనక వచ్చే ఉపసర్గలూ ఉన్నాయి."

"ఉన్నాయి సర్, అరుదుగా. అందుకే ఛందస్సు కూడా లెక్కపెట్టాను. హంతితో పాదం అయిపోయింది. అప తర్వాతి పాదానికి మొదటి మాట. పదం పదంగా అచ్చేసిన పేజీలో పాదం ఎక్కడ తెగిందో కనిపించదు. పైగా తర్వాతి మంత్రంలో ఆవులు బయటికొస్తున్నాయి. దొడ్డి మూసేస్తే ఎలా వస్తాయి?"

మాష్టారు బీరువా తెరిచి, తర్వాతి మంత్రం అట్ట తీశారు. ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. "ఆవులు బయటికి వచ్చుచున్నవి" అని రాసి, ముందు చిన్న అక్షరాలతో "మరునాటి ఉదయమున" అని చేర్చి ఉంది. మూలంలో అలాంటి మాటే లేదు. దేవుడు రాత్రి మూసి పొద్దున తెరిచాడని, ఇరవై ఆరేళ్ల క్రితం ఆయనే కుట్టిన మాసిక అది. అందరినీ అనుమానించిన మనిషి, ఆ ఒక్క మాటనీ ఎన్నడూ అనుమానించలేదు. నాకు ఆయన మీద మొట్టమొదటిసారి జాలేసింది.

"ఈ అట్టలు నువ్వు చూశావా?" అని అడిగారు. అడుగుతున్నప్పుడే ఆయనకు జవాబు తెలుసు.

"ఏ అట్టలు సర్?" అంది ఆ పిల్ల.

నాలుగింటికి ఇంకా పావుగంట ఉంది. మాష్టారు చెయ్యి చాపి, "ఆ రబ్బరు ఇటివ్వమ్మా" అన్నారు. మొదటి అట్ట మీద అప నుంచి హంతి దాకా ఉన్న గీతను చెరపబోయారు. అన్నేళ్ల గీత పూర్తిగా పోలేదు. దాని మీదుగానే వృణోతి దాకా కొత్త గీత గీశారు. ఆ పొడిని అరచేత్తో నేలకు తుడిచేశారు. తర్వాత నా వెనక నిలబడి రిపోర్టు మళ్లీ చెప్పారు. ఈసారి నా వేళ్లు ఆగలేదు.

"ఒక మంత్రంలో నా గీత తప్పు. ఇరవై ఆరేళ్లుగా దేవుడి చేత దొడ్డి మూయించాను. ఈ అమ్మాయి తెరిపించింది. ఈమెను తప్పక ఉంచవలసింది. నా అట్టలన్నీ ఈమె సరిచూడవలసింది."

సంతకం పెట్టి, జేబులోంచి బీరువా తాళం తీసి కొత్తమ్మాయి బల్ల మీద పెట్టారు. ఆ పిల్ల దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడింది. ఐదింటికి అట్టలు లోపల పెట్టి తనే తాళం వేసింది. మాష్టారు సంచి తగిలించుకుని మెట్లు దిగారు.

పది మెట్లయినా దిగి ఉండరు, మళ్లీ పైకొచ్చారు. మాతో ఏమీ అనకుండా బీరువా పిడి ఒకసారి గట్టిగా లాగి చూశారు. తలుపు కదల్లేదు.

"బాగానే వేసింది" అని నాతో చెప్పి వెళ్లిపోయారు.