వంటింటి మీదుగా బైపాస్

మా వంటింటి గోడ మీద ఎర్రరంగు గీత గీసిన రోజున నేనొక జోకు వేశాను. ఆ జోకు నేరుగా ప్రభుత్వ రికార్డులోకెక్కి కూర్చుంది. దాన్ని కిందకి దించడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

పట్నంలో ట్రాఫిక్ పెరిగిపోయిందని ఊరవతలగా బైపాస్ వెయ్యాలన్నారు. ఊరవతల అంటే ఎవరికి అవతలో గాని, గీత మాత్రం మా పెరట్లోంచి వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి సభ పెట్టి, ఇది ప్రజాప్రయోజనం అని అధికారులు చెప్పారు. నేను లేచి, "అయ్యా, ఆ ప్రజల్లో మమ్మల్ని కూడా లెక్కేసేరాండి?" అని అడిగాను. జనం నవ్వారు. అధికారి కూడా నవ్వి, అభ్యంతరాలేమైనా ఉంటే నోటిఫికేషన్ వచ్చాక అరవై రోజుల్లోగా రాతపూర్వకంగా ఇమ్మన్నారు. మా ఊళ్లో రిటైరైన మాస్టారు ఒకాయన నిజంగానే రాసిచ్చారు. కాలవగట్టు రోడ్డునే వెడల్పు చేస్తే సరిపోతుంది కదా అని. గట్టు మీద ఇంకా ఎక్కువ ఇళ్లు పోతాయని జవాబొచ్చింది. గట్టు మీద వాళ్లకి అది బాగా నచ్చింది.

ఆ తరవాత, ఎవరెవరు ఏమేం నష్టపోతున్నారో రాసుకోవడానికి సర్వేయరు వచ్చాడు. వంటింటి గోడ మీద ఆ ఎర్రగీత గీసింది అతనే. కుర్రాడు, మర్యాదస్తుడు. అరుగు మీద కూర్చుని మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ చెప్పాడు.

"బాబాయ్ గారండీ, వంటిల్లు, స్నానాల గది, పెరట్లో కొబ్బరిచెట్లు పోతాయండి. చెట్లకి విడిగా విలువ కడతారండి. ముందు గది, పడకగది ఉండిపోతాయండి. ఆ మిగిలిన దాంట్లో మీరు ఉండగలరా అండీ?"

"దానికేముంది బాబూ, మంచం పక్కన పొయ్యి పెట్టుకుంటాం. పడుకునే కూర కలుపుకోవచ్చు. మీ పిన్నిగారికి నడక తగ్గుతుంది," అన్నాను.

అతను పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే రాసుకున్నాడు. నవ్వుతూనే కాగితం చాపితే నేనూ నవ్వుతూనే సంతకం పెట్టాను.

అతను వెళ్లాక మా ఆవిడ అడిగింది. "ఏం రాసేడో చూసేరా?"

"అంతలా నవ్వేడు కదే, బాగానే రాసుంటాడు."

పంచాయతీ బోర్డుకి జాబితాలు అంటించాక తెలిసింది ఎంత బాగా రాశాడో. ఇల్లు వదిలి వెళ్లాల్సిన కుటుంబాల జాబితాలో మేం లేము. పక్క కాగితంలో, కొంతభాగం మాత్రమే పోయేవాళ్లలో ఉన్నాం. నేను మొదట సంబరపడ్డాను. ఇల్లు నిలబడింది కదా అని. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని నా వైపు చూశారు. ఏడో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించినప్పుడూ ఇలాగే చూసేవారు. ఆ తరగతితోనే నా చదువు కూడా దిగిపోయింది.

"ఒరేయ్, పోయిన జాగాకీ, గోడలకీ, చెట్లకీ విలువ కడతారు. బలవంతాన తీసుకుంటున్నందుకు అంతకంత సొలేషియం అని కలుపుతారు. అంతవరకూ నీకూ వస్తుంది. కానీ బదులు ఇల్లు కట్టివ్వడం, సామాను తోలుకోవడానికి ఇచ్చేది, కొత్తచోట కుదురుకోవడానికి ఇచ్చేది, అవన్నీ ఇల్లు వదిలిపోయేవాళ్లకేరా. నువ్వు వదలట్లేదుగా. పొయ్యి మంచం దగ్గర పెట్టుకుంటున్నావుగా."

ఆ మాట అప్పటికే ఊరంతా తిరిగిందన్నమాట.

"ఇప్పుడేం చెయ్యాలండి?"

"చట్టంలో ఓ దారుంది. ఇంట్లో ఒక ముక్కే తీసుకుంటామంటే కుదరదు. యజమాని మొత్తం తీసుకోమని కోరితే మొత్తం తీసుకోవాలి. ఎంతిస్తారో తేల్చే అవార్డు ఇంకా రాలేదు కాబట్టి ఇప్పుడే అడగాలి."

అలా, ఇల్లు పోకూడదని నెలల తరబడి దేవుళ్లకి మొక్కుకున్న మనిషిని, మా ఇల్లు పూర్తిగా తీసుకోవాల్సిందిగా ప్రార్థిస్తూ అర్జీ పెట్టుకున్నాను. రాసింది మాస్టారు. అందులో ఒక్క నవ్వొచ్చే ముక్క లేకుండా చూసుకున్నారు.

విచారణకి అమలాపురం రమ్మన్నారు. బస్సులో మా ఆవిడ ఒక్కటే మాట చెప్పింది.

"మీరు అక్కడ మాట్లాడకండి. అడిగితే ఆయ్ అనండి, అంతే."

అక్కడ అర్జీలు విచారించే అధికారి ఒక మేడమ్ గారు. ఆవిడ ఫైలు తిప్పి, నా పాత వాంగ్మూలం పైకి చదివారు. "మంచము ప్రక్కనే పొయ్యి ఏర్పాటు చేసుకొని, శయనించియే కూర కలుపుకొనగలమని, తద్ద్వారా భార్యకు నడక తగ్గునని యజమాని సమ్మతి తెలిపియున్నారు." గదిలో ఉన్న గుమాస్తాలంతా ఫైళ్లలోకి తలలు దూర్చేశారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఇది మీరు చెప్పిందేనా?"

"ఆయ్. నేనేనండి. సరదాకన్నానండి."

"సరదాకి అన్నట్టు ఇక్కడ లేదండీ. సంతకం ఉంది."

సరదాకి ఫారంలో గడి లేదు కదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ నా కాలు తొక్కింది. తొక్కి, తనే ముందుకి జరిగింది.

"మేడమ్ గారండీ, ఒక్క మాటండి. మా ఇంటి పైకప్పు మోసే దూలం ఒక్కటేనండి. దాని ఈ కొస ముందు గది గోడ మీద ఉందండి, ఆ కొస వంటింటి గోడ మీదుందండి. మీరు వంటిల్లు తీసుకెళ్తే దూలం ఆ కొస ఎవరు పట్టుకుంటారండి? ఈయన పట్టుకుంటారంటే నాకు అభ్యంతరం లేదండి."

ఈసారి మేడమ్ గారు నవ్వారు. నవ్వి, ఈ మాట కూడా రికార్డు చెయ్యమని, ఇంటిని మళ్లీ చూసి రమ్మని రాశారు. ఒకే ఇంట్లో రెండు జోకులు ప్రభుత్వానికి అందాయి. పనికొచ్చింది మాత్రం రెండోది.

చూడ్డానికి మళ్లీ ఆ కుర్రాడే వచ్చాడు. టేపు వేసి దూలం కొలిచాడు, గోడలు తట్టి చూశాడు. మిగిలిన భాగం నివాసానికి పనికిరాదని తన చేత్తోనే రాశాడు. ఈసారి కాఫీ తాగుతున్నంతసేపూ నా వైపు చూడలేదు, ఎక్కడ నవ్వొస్తుందోనని కాబోలు.

సవరించిన జాబితాలో, ఇల్లు వదిలి వెళ్లేవాళ్లలో మా పేరు చేరింది. మా ఇల్లు మొత్తం పోతుందని ఖాయమైన ఆ రోజున, ఎదురైనవాళ్లందరూ నాకు శుభాకాంక్షలు చెప్పారు. "సాధించేవురా," అన్నారు మాస్టారు. నేను ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సరేనంది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటకి రాలేదు. అప్పుడు చేసేందుకు వంటేమీ లేదు.

వర్షాకాలం మొదలయ్యాక పైన పెంకు ఒకటి జారింది. నిచ్చెన వేసుకుంటుంటే మా ఆవిడ కింద నుంచి అంది. "దాన్ని ముట్టుకోకండి. అడిగి మరీ ఇచ్చేశాం కదా. పైగా మీరు ఏం చేసినా రాసుకుంటారు." నేను ఎక్కి సర్దాను. చినుకు పడేది మా అన్నంలోకే మరి.

మొన్న కట్టడాల విలువ కట్టడానికి ఇంజనీరు గారు వచ్చారు. గదులన్నీ తిరిగి చూసి, ఇల్లు ఎన్నేళ్లదని అడిగారు.

"ముప్ఫై ఒకటండి."

"ఎవరు కట్టించేరండి?"

"మా నాన్నండి."

ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

"మీరు భలే సరదా మనిషంటండీ. మంచం పక్కన పొయ్యి కాగితం మా ఆఫీసులో అందరూ చదివేరు. ఇంకోటేదైనా చెప్పండి."

"రాసుకోనంటే చెప్తానండి," అన్నాను.

ఆయన పెన్నుకి మూత పెట్టి, జేబులో పెట్టుకుని, అరుగు మీద కూర్చున్నారు. మా ఆవిడ కూడా తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

తీరా చూస్తే నాకు ఒక్కటీ తోచలేదు.