సుందరక్క డాబా మీది ఎరువు డ్రమ్ము

సుందరక్క పోయాక అందరూ ఒకటే మాట అంటున్నారు, మంచి నర్సు అని. నిజమే. కానీ నేను ఆమెను ఎక్కువగా చూసింది వార్డులో కాదు. సౌదీ నజ్రానులో పక్కపక్క వాటాల్లో మేమున్న బిల్డింగు డాబా మీద, ముక్కుకు చున్నీ చుట్టుకుని, కర్రతో డ్రమ్ములో చెత్త కలియబెడుతూ. ఇప్పటికీ కూర తరిగి తొక్కలు చేతిలోకి తీసుకుంటే ఆమె గొంతే వినిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అక్కది నర్సాపురం దగ్గర పల్లె. భర్త కొర్నేలన్నయ్యకు ఉబ్బసం. ఉద్యోగం అక్కది, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు అక్కది, అన్నయ్య ఆమె మీద ఆధారపడి వచ్చినవాడు. ఆసుపత్రి హాస్టల్లో ఆడవాళ్ళకే చోటు. కాబట్టి ఆ రెండు గదుల అద్దె ఇల్లు ఉంటేనే ఆయన ఆమె దగ్గర ఉండగలడు. ఇల్లు పోతే అక్క హాస్టలుకు, ఆయన ఊరికి. కుటుంబాలకు ఇల్లిచ్చేవాళ్ళు ఆసుపత్రి దగ్గర మరొకరు దొరకలేదు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు గానీ, గోడకు తగిలించిన గడియారంలా ఎప్పుడూ టిక్కుటిక్కుమంటూనే ఉండేది.

డాబా మీద అక్కకు రెండు డ్రమ్ములుండేవి. పెయింటు డబ్బాల్లాంటివే, కొంచెం పెద్దవి. ఒకదానిలో నిరుటి ఎరువు నల్లగా పొడిపొడిగా పండి ఉంది. రెండోదానిలో రోజువారీ తొక్కలు. ఆ ఎరువుతోనే గోంగూర, కరివేపాకు పెంచేది. నజ్రాను ఎండలో ఆకు వాడలేదంటే ఆ ఎరువే కారణం.

ఒక బుధవారం సాయంత్రం మా కాపలాదారు గులాం మొహిద్దీన్ మెట్లెక్కి వచ్చాడు. కరీంనగర్ మనిషి, మాతో తెలుగే మాట్లాడేవాడు.

"సిస్టరమ్మా, బాబాకు బగ్గ కోపమొచ్చింది. పై నుంచి కంపు కిందికి దిగుతుందట. ఎల్లుండి జుమ్మా నమాజయినంక ఇంటికి మెహమాన్లు వస్తున్నరు. అప్పటికి కంపు పోవాలె, లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్యుమన్నడు."

బాబా అంటే ఇంటి యజమాని. కింది అంతస్తులోనే ఉండేవాడు.

అక్క అప్పుడే డాబా మెట్లవైపు కదిలింది. "డ్రమ్ము వాసనేం రాదే! మొన్నటి వరకూ మట్టి వాసనే కదా!" అంది. నేనూ వెంట వెళ్ళాను. తొక్కల డ్రమ్ము మూత తీయగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చచ్చిన చేప, కుళ్ళిన గుడ్డు కలిసినట్టు. మూత చుట్టూ గోధుమరంగు టేపు, అడుగున రంధ్రాలకు కూడా టేపు.

కొర్నేలన్నయ్య మెల్లగా ఒప్పుకున్నాడు. "నువ్వు నైటు డ్యూటీల్లో ఉన్నావు కదా. అడుగునుంచి నల్లనీళ్ళు కారి డాబా మీద మరక పడుతుంటే, బాబా చూస్తాడేమోనని టేపు అంటించాను. పైన వాసన రాకుండా మూత కూడా బిగించాను."

"ఆ నీళ్ళెక్కడివి?"

"నువ్వే కదా చెప్పేవు, చేపలు కడిగిన నీళ్ళు మొక్కకు బలమని. డ్రమ్ములో పోసేను."

అది మా గోదావరి వైపు అలవాటే. ఇంటెనక బీర పాదుకు, కరివేపకు చేపల కడుగు పోస్తాం, మట్టి దాన్ని మింగేస్తుంది. కానీ రంధ్రాలు మూసిన ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే అది ఎక్కడికి పోతుంది? అక్క నెత్తిన చేయి పెట్టుకుంది. తిట్టలేదు. తిట్టడానికి ఆయన ఊపిరి చూసి భయం.

ఆ రాత్రి గులాం మొహిద్దీన్ తన తెలివితో మెట్లంతా సెంటు స్ప్రే కొట్టాడు. కుళ్ళు వాసన పోలేదు. దాని మీద మల్లెపూల వాసన కూర్చుంది, అంతే. పాలు తేవడానికి దిగిన అన్నయ్యకు మెట్ల మధ్యలోనే ఆయాసం పట్టింది. అక్క పైకి లాక్కొచ్చి ఇన్‌హేలర్ పట్టింది.

"ఇంక ఈ సెంటు ఈ మెట్లమీద కొడితే నీ చెయ్యి విరిచేత్తాను తమ్ముడూ," అని ఆమె కిందికి కేకేసింది.

"ఖసమ్ సే, ఒట్టమ్మా, మంచి ఖుష్బూ రావాలనే కొట్టిన!" అన్నాడతను.

మా ఆయన జాబేజ్, "డ్రమ్ములు తీసి చెత్తబండిలో పడేయక్కా, పీడా పోతుంది" అన్నాడు.

"ఈ స్థితిలో మోసుకుపోతే మెట్లన్నీ కారుతుంది. బాబా గుమ్మం ముందే కారుతుంది," అంది. "పుండు మూసిపెడితే చీము పడుతుంది. గాలి తగలనిచ్చి, పొడి కట్టు కట్టి, తడి లాగేయాలి. ఇదీ అంతే," అంది.

గురువారం పొద్దున్న బాబా కుటుంబం ఖర్జూర తోటకు వెళ్ళింది. వాళ్ళ జీపు మలుపు తిరిగేదాకా నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. కదిపితే మొదట వాసన ఇంకా పెరుగుతుందని అక్క ముందే చెప్పింది. అందుకే వాళ్ళు లేని పూటే కలపాలి. సాయంత్రానికి తిరిగొస్తారు.

డ్రమ్మును ఇటుకల మీదికి ఎత్తాం. రంధ్రాలకున్న టేపు పీకేసి, పక్కల కూడా మేకు కాల్చి కొత్త రంధ్రాలు పెట్టాం. కింద ఇసుక పోసిన తట్టలో నల్లనీళ్ళు దిగాయి. ఆ తడి ఇసుకను మూట కట్టి చెత్తబండిలో వేయమని గులాం మొహిద్దీన్‌కిచ్చాం. లోపలిదంతా తిరగేస్తూ గుడ్ల అట్టలు చింపి, చెక్కపని దుకాణం నుంచి తెచ్చిన రంగు వేయని రంపంపొట్టు, ఎండు ఖర్జూర మట్టలు చిన్నచిన్న ముక్కలుగా నరికి కలిపాం. చేపముక్కలు కనిపిస్తే ఏరి కాగితంలో చుట్టాం. అక్క గుప్పెడు తీసి పిండి చూసేది. "నీళ్ళు కారకూడదు. గట్టిగా పిండేసిన గుడ్డలా చెమ్మ తగలాలి." నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి కారేవి. మళ్ళీ పొట్టు. మళ్ళీ పిండడం. చివరికి ఆగాయి. నిరుటి పండిన ఎరువు తెచ్చి పైన మందంగా కప్పింది. అది వాసనను పట్టి ఉంచుతుందట. మూతను వదులుగా వాల్చింది.

తరువాత ఇంట్లోకి వచ్చి వంటింటి బుట్టను వంచి చూపించింది. సంచి కింద చేరిన జిగురు నీళ్ళు. "కంపు సగం ఇక్కడిదే. సంచి మారుస్తాం గానీ బుట్ట కడగం." సబ్బుతో కడిగి ఎండలో బోర్లించింది. అడుగున మడిచిన పేపరు వేసింది. అన్నం గంజి వార్చినట్టు నీళ్ళు వార్చాకే తొక్కలు బుట్టలో పడాలనీ, చేప, మాంసం ముక్కలు పేపర్లో చుట్టి చెత్తబండి రోజు దాకా ఫ్రీజర్‌లో పెట్టాలనీ నాకూ అన్నయ్యకూ చెప్పింది.

"మందుల డోసు చెప్పినట్టు చెబుతోంది," అన్నాడు అన్నయ్య.

"రోగివి నువ్వే కదా," అంది అక్క. ఆ రోజు మొదటిసారి నవ్వాం.

సాయంత్రం జీపు వచ్చింది. నేను అక్కావాళ్ళ తలుపు సందులోంచి ముక్కు పెట్టి వాసన చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టూ, లేనట్టూ. అక్క మూడుసార్లు డాబా ఎక్కి దిగింది. అన్నయ్య సూట్‌కేసు మంచం కింద నుంచి కొద్దిగా బయటికి జరిపి ఉండటం చూశాను. ఎవరు జరిపారో అడగలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక బాబా తానే పైకి వచ్చాడు. వెనకాల గులాం మొహిద్దీన్. అక్క పైన వేసుకున్న నల్ల అబాయా సర్దుకుని నిలబడింది. బాబా డాబా అంతా తిరిగి చూసి, డ్రమ్ము మూత ఎత్తమని చేయి ఊపాడు. అక్క ఎత్తింది.

ఆయన వంగాడు. ఇంకొంచెం వంగాడు. పైన నల్లమట్టిలో వేలు పెట్టి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. వాన పడ్డ తోట వాసన. అరబ్బీలో ఏదో అన్నాడు. అక్క వార్డులో నేర్చుకున్న అరబ్బీలో జవాబు చెప్పింది. మళ్ళీ ఆయన చాలాసేపు మాట్లాడాడు, అక్క తల వంచుకుని వింది.

ఆయన దిగిపోయాక గులాం మొహిద్దీన్ చెప్పాడు. "ఇల్లు ఉండనిస్తడట. డ్రమ్ము ఒక్కటే ఉండాలంట. మళ్ళ వాసనొస్తే ఇంకో మాట లేదన్నడు."

అక్క డాబా గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. అన్నయ్య పక్కన చతికిలబడి, "నేనింక మూత ముట్టనే," అన్నాడు.

"ముట్టు. రోజూ తిప్పు. బిగించకు అంతే," అంది.

ఆ తరువాత ఆ బిల్డింగులో ఉన్నన్నాళ్ళూ అక్క డ్యూటీ నుంచి వస్తే ముందు డాబాకే ఎక్కేది, బూట్లయినా విప్పకుండా. మూతెత్తి, గుప్పెడు పిండి, వాసన చూసి, అప్పుడు ఇంట్లోకి వెళ్ళేది. అన్నయ్య తలుపు తీసేవాడు.