ఇరుకు సూత్రం

జనగామలో ఇంటర్ చదివే రోజుల్లో సైన్ ఎక్స్ బై ఎక్స్ నా సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. ఎక్స్ సున్నాకు దగ్గరవుతుంటే అది కాస్ ఎక్స్‌కూ ఒకటికీ మధ్య ఉంటుంది. కాస్ ఎక్స్ కూడా ఒకటికే చేరుతుంది కాబట్టి దాని అవధి, అదే లిమిట్, ఒకటి. ఈ శాండ్‌విచ్ సిద్ధాంతాన్ని బోర్డు మీద తప్పు లేకుండా రాశాను.

కోస్తా నుంచి వచ్చిన లెక్చరర్ "మరి ఎక్స్ అనంతానికి పోతే?" అన్నాడు.

"అప్పుడూ ఒకటే సార్" అన్నాను ధీమాగా.

నర్మెట్ట నుంచి బస్సులో వచ్చే అమ్మాయి లేచింది. "సున్నా సార్. సైన్ ఎంత ఎగిరినా మైనస్ ఒకటికి, ఒకటికి నడుమనే గద. ఎక్స్‌తోని భాగిస్తే ఆ రెండు అంచులు సున్నాకే వస్తయి. మా బస్సుల ఇద్దరి నడుమ ఇరికినోడు ఇంకెటు పోతడు?"

లెక్చరర్ పడిపడి నవ్వాడు. ఆ రోజుతో శాండ్‌విచ్ పోయి, క్లాసులో ఇరుకు సూత్రం మిగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బస్సులో రోజూ నేనూ ఇరుక్కునేవాణ్ణే!

చాలా ఏళ్లకు భూపాలపల్లి బస్టాండులో ఆ లెక్చరర్ కనిపించాడు. నమస్కారం పెట్టి పేరు చెప్పాను. గుర్తు రాలేదు. జనగామ అనగానే మాత్రం ముఖం వెలిగింది.

"ఆ ఇరుకు అమ్మాయి ఎలా ఉందయ్యా?"

ఆ ఏడు లెక్కల్లో ఫస్టొచ్చింది నేను.