మోకాళ్లు వంచనివ్వలేదు

మా తోడికోడలూ నేనూ కలిసి యోగా క్లాసుకి వెళ్లింది ఒక్క శీతాకాలమే. రాజమండ్రి మెయిన్ రోడ్డులో మామగారి నాటి బట్టల కొట్టు మాది. కొట్టు మీది వాటాల్లో మా రెండు కుటుంబాలు, అత్తగారు. పొద్దున్నే టీవీలో యోగా చూపించడం మొదలైన రోజులవి. తోడికోడల్ని నేను అక్కయ్య అంటాను, నాకంటే చాలా పెద్దది. షుగరు వచ్చేలా ఉంది, ఒళ్లు కదిలించమని డాక్టరు చెబితే, నన్ను తోడు తీసుకుని వెనక వీధిలోని కల్యాణ మండపం మేడ మీద జరిగే క్లాసులో చేరింది. ఆ గంటసేపు మమ్మల్ని కాఫీ ఇమ్మని అడిగేవాళ్లుండరు. నిజం చెప్పాలంటే నాకు ముందు నచ్చింది అదే.

మాస్టారు కాలేజీలో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకి అధోముఖ శ్వానాసనం అంటే ప్రాణం. అరచేతులూ పాదాలూ నేలకి ఆనించి, నడుము పైకెత్తి, తల చేతుల మధ్యకి దించాలి. కుక్క ముందు కాళ్లు చాపి ఒళ్లు విరుచుకున్నట్టుంటుంది. ఆయన దగ్గర దానికి ఒకటే కొలత: మోకాళ్లు బిగిసి ఉండాలి, మడమలు నేలకి తగలాలి.

నాకు మొదటి వారంలోనే వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ నా కీళ్లు వదులు. ఛాతీ నేలకేసి జారిపోయేది, చంకలు కిందికి దిగిపోయేవి. "చూడండమ్మా, ఆ వీపు చూడండి!" అని మాస్టారు నన్ను ముందు వరసకి మార్చారు. నా వీపు మీద చెయ్యి పెట్టి ఇంకాస్త కిందికి నొక్కేవారు. భుజం లోపల ఏదో నలిగినట్టుండేది. మెచ్చుకుంటున్నారు కదా, మంచికే అనుకున్నాను.

అక్కయ్య సంగతి వేరు. ఇరవై ఏళ్లు కొట్లో గల్లా పెట్టె దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి. తొడల వెనక కండరాలు బిగుసుకుపోయాయి. మోకాళ్లు బిగించగానే నడుము గుండ్రంగా ముడుచుకుపోయేది, మడమలు గాల్లోనే ఉండేవి. ఒళ్లంతా ముందుకి ఒరిగి అరచేతుల మీద పడేది. మాస్టారు దగ్గరికొచ్చి, "మడమలమ్మా, మడమలు! బద్ధకిస్తే ఎలా?" అనేవారు. వెనక వరసలో ఎవరో నవ్వేవారు. అక్కయ్య పళ్లు బిగించి ఇంకా గట్టిగా మోకాళ్లు చాచేది.

సంక్రాంతి దాటేసరికి ఆవిడ కుడి మణికట్టు వాచింది. చపాతీ కర్ర పట్టుకోలేకపోయింది. నేను తీగ మీద తడిబట్ట ఆరేయడానికి చెయ్యెత్తితే భుజం పైన కలుక్కుమనేది. ఇద్దరం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ గంట పోతుందని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజుల్లోనే మాస్టారు నా చేత ఆసనం వేయించి ఫొటో తీయించారు. క్లాసు ప్రకటనకట. అడిగితే తలూపాను. వారం తిరక్కుండా ఆ ఫొటో ఫ్లెక్సీ అయి మండపం గుమ్మానికెక్కింది. బావగారు స్కూటరు మీద వెళుతూ చూశారు. ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక అన్నం దగ్గర ఒకటే మాటన్నారు.

"మనింటి కోడలు నడుమెత్తుకుని రోడ్డు మీద నిలబడిందేంటి?"

మా ఆయన పెరుగు కలుపుకుంటూ ఉండిపోయారు. మర్నాటికి బావగారు ఫ్లెక్సీ దింపించారు గానీ ఇంట్లో ముఖాలు మాత్రం మారలేదు.

అక్కయ్య చెయ్యి సంగతి అప్పుడే బయటపడింది. కంచం జారి పడింది. బావగారు ఆవిడని ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళుతుంటే నేనూ వెళ్లాను.

చిన్న వయసావిడ. మణికట్టు వంచి చూసి, ఎక్కడ నొప్పో అడిగి, "అసలు ఎలా చేస్తున్నారో చూపించండి" అంది. అక్కయ్యని చేతుల మీద బరువు పెట్టనివ్వకుండా, నన్ను చేసి చూపించమంది. అక్కయ్యలాగా, ఆ తర్వాత నాలాగా రెండు రకాలూ చేశాను.

"తొడ వెనక కండరాలు కటి ఎముకని పట్టుకుని ఉంటాయండీ," అంది అక్కయ్యతో. "మీకవి పొట్టిగా బిగుసుకున్నాయి. మోకాలు చాచగానే కటిని కిందికి లాగేస్తున్నాయి. తుంటి వెనక్కి వెళ్లదు. తుంటి వెళ్లకపోతే బరువు కాళ్లకి చేరదు కదండీ? అంతా ముందుకొచ్చి, మణికట్టు మరీ వంగి, అరచేతి మొదట్లో పడుతుంది."

"మరి మడమలు నేలకి తగలాలన్నారండి."

"అది ఎక్కువగా పిక్కల పనండీ. తగలకపోతే ఏం కాదు."

అక్కయ్యని బల్ల అంచు పట్టుకుని, మోకాళ్లు వంచి, తుంటి వెనక్కి లాగమంది. ఆవిడ వీపు తిన్నగా సాగడం నేను మొదటిసారి చూశాను.

"చేతులెలా ఉన్నాయండీ?"

"తేలిగ్గా ఉన్నాయండీ," అంది అక్కయ్య. గొంతులో ఆశ్చర్యం.

"నొప్పి తగ్గేదాకా బల్ల మీదే. తర్వాత నేల మీద. మోకాళ్లు వంచే చెయ్యండి. వేళ్లు విప్పి, చూపుడు వేలి మొదలూ బొటన వేలి మొదలూ నేలకి నొక్కాలి, అప్పుడు బరువంతా ఒక్క చోట పడదు." తర్వాత నా వైపు తిరిగింది. "మీది ఇంకో రకం. మీ భుజాలు పని చెయ్యట్లేదు, వేలాడుతున్నాయి. కండరాలు మోయాల్సింది కీలు మోస్తోంది. ఛాతీ దించకండి. నేలని దూరంగా తోయండి, వీపు మీది రెక్క ఎముకల్ని చేతులతోపాటు పైకి తిరగనివ్వండి. ఎవర్నీ వీపు మీద నొక్కనివ్వొద్దు."

బావగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఇంటికొచ్చాక అత్తగారితో ఇలా చెప్పారు: "చేతుల మీద బరువు పెట్టొద్దంది డాక్టరమ్మ. మానేయమంది."

"మానేయమనలేదండీ, మోకాళ్లు వంచి చెయ్యమంది," అన్నాను.

"నువ్వు ఊరుకో," అన్నారు మా ఆయన. ఆ గొడవ మొత్తంలో ఆయన నోరు విప్పింది అప్పుడే.

అత్తగారు అందుకున్నారు. "ఇంటెడు పని చేసుకుంటే చాలదా ఒళ్లు కదలడానికి?"

ఒక ఆశ మిగిలింది. మాస్టారు ఇంటికొచ్చి చెబితే బావగారు వింటారేమోనని, మర్నాడు కూరలకని చెప్పి బయల్దేరి ఇద్దరం మండపానికి వెళ్లాం. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వారు.

"మోకాళ్లు వంచితే అది ఆసనం ఎలా అవుద్దమ్మా? నా దగ్గర అందరూ చేస్తున్నారు. మీ అక్కగారికి పట్టుదల లేదు, అంతే."

"మరి నా భుజం?"

"నీకేం, నువ్వు బంగారంలా చేస్తావు."

నొప్పి పుడుతోందని మళ్లీ చెప్పాను. ఆయన అప్పటికే తివాచీలు పరిపించడానికి లేచారు.

మెట్లు దిగుతూ అక్కయ్య ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. "నువ్వన్నా వెళ్లవే, నిన్ను మెచ్చుకుంటున్నాడుగా," అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అందులో ప్రేమ ఎంతో, కోపం ఎంతో నాకు తెలియలేదు. ఆవిడకీ తెలియదేమో.

నేనూ వెళ్లలేదు. వెళ్లనివ్వలేదు కూడా. ఆవిడ మణికట్టు రెండు నెలల్లో బాగుపడింది. తలుపేసుకుని మంచం అంచు పట్టుకుని చేద్దాం రమ్మని చాలాసార్లు పిలిచాను. "ఇప్పుడెందుకులే" అనేది. షుగరు మాత్రం ముదిరింది. మందులు వచ్చాయి, తర్వాత ఇంజెక్షన్లు వచ్చాయి. పొద్దున్నే కాసేపు నడవమని డాక్టరు చెబితే, బావగారే, "తనకి బద్ధకమండీ" అని నవ్వుతూ చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

నేను చేస్తూనే ఉన్నాను. తలుపు గడియ వేసి, మోకాళ్లు వంచి, నేలని తోస్తాను. కొంచెం కొంచెంగా బలం వచ్చింది. కుడి భుజం మాత్రం పూర్తిగా దారికి రాలేదు. వాన పడే ముందు నొప్పి లేస్తుంది. అప్పుడు డాక్టరమ్మ గదిలో అక్కయ్య వీపు సాగిన ఆ క్షణం గుర్తొస్తుంది. అంత సులువుగా అయ్యే పని అది. ఎవరూ ఏమీ పోగొట్టుకునేవాళ్లు కాదు. అయినా ఒక్కరూ ఒప్పుకోలేదు.