రెండు మాటలు, ఒకటే గడప

తర్కం సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున భువనగిరిలో, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే గోడకు ఒరిగిపోయారట. ఆయన కొడుకు కబురు పంపితే నల్లగొండ నుంచి బస్సెక్కి పోయాను. దారిలో ఏడుపు రాలేదు. తర్వాత జరిగిన సంతాప సభలో మాత్రం ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళకు కటువుగా ఉంటే ఉండనీ.

సభలో ఇద్దరు మాట్లాడారు. ఒకాయన సాయుధ పోరాటం నాటి పాత సంఘం మనిషి. "సారు మా దళానికిచ్చిన మాట తప్పిండు. పోయినోని మీద కోపమెందుకు, మాఫ్ చేద్దాం" అన్నాడు. రెండో ఆయన సారు పనిచేసిన కాలేజీలో ప్రిన్సిపాల్‌గా రిటైరైనవాడు. "ఆ రోజు సారు చేయవలసింది ఒక్కటే. పెద్ద ధర్మం ముందు చిన్న మాట దానంతటదే రద్దయిపోయింది. ఆయన ఏ మాటా తప్పలేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి, మీరిద్దరూ సారును ఎరగరు అన్నాను. అట్లా అనే హక్కు నాకుంది. సారు ఆ మాట తప్పడం వల్లే నేను బతికి ఉన్నాను.

పోలీస్ యాక్షన్ నాటికి నాకు ఎనిమిదేళ్ళు. భువనగిరికి, పోచంపల్లికి మధ్య ఒక పల్లెలో సారు ఇంటికి ఎదురిల్లు మాది. అప్పట్లో ఆయన ఊరి బడి పంతులు. మా అబ్బా దర్జీ. సారుకు ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా మాట ఇస్తే భుజం మీది తువ్వాల కొసకు ముడి వేసేవారు. పని పూర్తయ్యాక మాట ఇచ్చిన మనిషి దగ్గరికే పోయి, వాళ్ళ చేతనే విప్పించేవారు. తానుగా ఎన్నడూ విప్పుకోలేదు. "నేనేసిన ముడే గాని, ఇప్పే హక్కు నాది కాదు" అనేవారు. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు. గంపెడు పిడకలు తెచ్చిస్తానన్నా ముడి వేసే మగవాణ్ణి వాళ్ళు ఎక్కడ చూసి ఉంటారు!

ఆ ఎండాకాలం అబ్బా కుట్టుపని వెతుక్కుంటూ హైదరాబాదు పోతూ సారు దగ్గరికి వచ్చాడు. "సారూ, రోజులు బాగలేవు. నేను లేనప్పుడు ఏమన్నయితే నా ఇంటిదాన్ని, బిడ్డను మీ ఇంట్ల పెట్టుకోవాలె" అన్నాడు. సారు సరేనని తువ్వాల ఒక కొసకు ముడి వేశారు.

వానలు పడ్డాక, రజాకార్ల తుపాకి దెబ్బతో కాలు చితికిన ఒక మనిషిని దళం వాళ్ళు సారు ఇంటికి మోసుకొచ్చారు. దళం పెద్ద గట్టిగా చెప్పాడు. "నేనొచ్చి తీస్కపోయేదాంక మీ ఇంటోళ్ళు తప్ప ఎవ్వలు గీ గడప దాటొద్దు. అక్కకైనా, చెల్లెకైనా తలుపు తియ్యొద్దు. మాటియ్యి సారూ." సారు మాట ఇచ్చి, రెండో కొసకు ముడి వేశారు.

అటు తర్వాత భారత యూనియన్ పటాలాలు వచ్చాయి. రజాకార్ల పీడ పోయిందని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నాలుగు రోజులు తిరగకముందే, వాళ్ళ మీది కోపం ఏ పాపం ఎరగని ముస్లింల ఇళ్ళ మీదికి మళ్ళింది. పక్క ఊళ్ళో ఇళ్ళు కాలుతున్నాయని తెలిసి, పట్టపగలు అమ్మీ నన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చి సారు వాకిట్లో నిలబడింది. అంతకుముందే మూడిళ్ళ తలుపులు కొట్టింది. ఒక్కరూ తీయలేదు.

"అన్నా, ఆయనకిచ్చిన మాట అడుగుతున్న" అంది అమ్మీ.

సారు రెండు చేతులూ దర్వాజకు ఆనించి నిలబడ్డారు. ఆ ముఖం నాకింకా కళ్ళముందే ఉంది. "చెల్లె, జర ఆగు" అని లోపలికి పోయారు. లోపల దాచిన దళం మనిషితో ఆయన అన్నది మాకు బయటికి వినిపించింది.

"అన్నా, మీ పెద్దకిచ్చిన మాట తప్పుతున్న. తప్పకముందే నీకు చెప్తున్న."

"మాట తీస్కున్నది నేను గాదు సారూ. సరే అననీకె నాకు హక్కు లేదు. వొద్దని ఆ తల్లిని ఎల్లగొట్టుమననీకె నోరు రాదు" అన్నాడు ఆ మనిషి.

సారు వచ్చి దారి ఇచ్చారు. అమ్మీ గడప దాటింది. గంట తిరగకముందే మా ఇల్లు కాలింది. ఆ పొగలోంచే కట్టెలు పట్టుకుని పదిమంది సారు గుమ్మం ముందుకు వచ్చారు. ఆయన బక్క మనిషి. గడప మీద అడ్డంగా కూర్చున్నారు. "లోపల మా చెల్లె ఉన్నది. రావాల్నంటె నన్ను తొక్కి రాండ్రి" అన్నారు. వాళ్ళలో సగం మంది ఆయన బడిలో అక్షరాలు దిద్దినవాళ్ళే. పంతులు మీద కాలు వేయడానికి ఎవడికీ దమ్ము చాలలేదు. వెనక్కి పోయారు.

వాళ్ళు అటు పోగానే సారు గుట్టలకు దారి పట్టారు. దళం పెద్ద ముందు నిలబడి, "మాట తప్పిన. ఇంట్ల ఇద్దరు మనుషులను పెట్టిన. మీ మనిషిని ఎట్ల కాపాడుకుంటరో చూస్కోండ్రి. నన్నేం చేసినా సరే" అన్నారు. దళం పెద్ద తిట్టిన తిట్లు సారు నాకెన్నడూ చెప్పలేదు. పటాలాలు దళాల కోసం కూడా వెతుకుతుండటంతో, మర్నాడు చొప్ప బండిలో దాచి ఆ మనిషిని తరలించారు. మానుతున్న కాలు బండి కుదుపులకు మళ్ళీ పగిలి, చీము పట్టింది. చివరికి మోకాలి దాకా తీసేశారు.

కొన్ని నెలలకు అబ్బా ప్రాణాలతో తిరిగొచ్చాడు. సారు తువ్వాల చాచి, "నువ్వే ఇప్పు" అన్నారు. నెలల తరబడి బిగుసుకుపోయిన ముడిని అబ్బా పళ్ళతో విప్పాల్సి వచ్చింది. రెండో ముడి అట్లనే ఉండిపోయింది.

పదిహేనేళ్ళ తర్వాత నేను నల్లగొండ కాలేజీలో చేరేసరికి సారు అక్కడ తర్కం చెప్తున్నారు. నన్ను ఎరిగినట్టు క్లాసులో ఒక్కనాడూ కనిపించనివ్వలేదు. ఒకరోజు నల్లబల్ల మీద నాలుగు వరుసలు రాశారు. క చేయాలి, ఖ చేయాలి. వేర్వేరుగా చేయాల్సిన రెండు పనులను కలిపి చేయాలి. చేయాలి అన్నది చేయగలిగిందై ఉండాలి. క, ఖ రెండూ కలిపి చేయడం అసాధ్యం.

"నాలుగూ ఉంటె లెక్క పగుల్తది. ఒకటి తుడువుండ్రి" అన్నారు.

ఒకడు లేచి, క కన్నా ఖ పెద్దదైతే క అసలు చేయవలసిందే కాదు, మొదటి వరుస తుడవండి అన్నాడు. సారు మూతి విరిచి, "గంత అల్కగనా? ఓడినోడు పుట్టనే లేదన్నట్టున్నది నీ మాట" అన్నారు. ఇంకొకడు చేయగలగడం అన్న షరతు తీసేద్దామన్నాడు. "అట్లయితె కుంటోణ్ణి ఉరకలేదని కొట్టొచ్చు" అన్నారు సారు.

నేను లేచి, ఏదీ తుడవకపోతే ఏమవుతుందని అడిగాను.

"అసాధ్యాన్ని చెయ్యాలె అని ఒక్కపారి ఒప్పుకున్నమనుకో. దాని వెంట ఏదైనా చెయ్యాలె అని వస్తది. దొర గడీ కూలగొట్టాలె అనీ రుజువైతది, దొర కాళ్ళు మొక్కాలె అనీ రుజువైతది. గా తర్కం దొరలకు మస్తు పనికొస్తది" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వకుండా రెండో వరుస తుడిచేశారు. క చేయగలిగిందే. ఖ చేయగలిగిందే. విడివిడిగా రెండూ నిలబడతాయి. రెండింటినీ కలిపి ఒక్క విధిగా చేసే అడుగే చెల్లదు. అందుకే రెండింట్లో ఏది చేసినా, చేయని రెండోది అక్కడే ఉండి మనల్ని చూస్తుంటుంది.

ఆ కింద ఇంకొక వరుస రాశారు: క చేయకపోతే, చేయలేదని చెప్పాలి. "ఇది చేసినంత మాత్రాన క చేసినట్టు గాదు. తప్పినంక మిగిలే పని ఇది. తప్పును తుడిచే గుడ్డ గాదు" అన్నారు. నాకు గుట్టల దారి, చొప్ప బండి గుర్తొచ్చి తల వంచుకున్నాను.

క్లాసు అయ్యాక వెంటపడి అడిగాను. "సారూ, మమ్మల్ని ఇంకెక్కడన్న దాచకపోయిన్రా?"

"నిలబడి అదే చూసిన బిడ్డా. ముందు చూడాల్సింది అదే. సగం గొడవలు మన సోమరితనమే, మూడో దారి ఎతకం. మూడిళ్ళు తలుపులు మూసినంక దారి లేదు." చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ అన్నారు. "నా లోపం ముందుగాల్నే ఉన్నది. మీ బాపుకిచ్చింది 'ఏమన్నయితే' అన్న షరతు మాట. షరతు మాట నిద్రపోతదనుకున్న. అందుకె దళమోళ్ళకు గా సంగతి చెప్పలె. షరతు నిజమైననాడు అది నిద్ర లేస్తది."

"మమ్మల్ని రానిచ్చినందుకు బాధపడుతున్నరా?"

సారుకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఇంకో నూరుపార్లు వచ్చినా మీ అమ్మకు తలుపు తీస్త. నూరుపార్లు మాట తప్పినోణ్ణే అయిత. ఒకటి జెప్పి రెండోది దాయమనకు."

ఏటా దసరా తెల్లారి ఆయన దళం పెద్ద ఊరికి పోయేవారు. వాకిట్లో తువ్వాల చేతుల మీద పరిచి నిలబడేవారు. లోపలి నుంచి దగ్గు వినిపించేదట, మనిషి బయటికి వచ్చేవాడు కాదు. ఎండ నడినెత్తికి వచ్చాక సారు తిరిగొచ్చేవారు. పాత తువ్వాల చిరిగితే పోచంపల్లి మగ్గం మీది కొత్తది కొని, ముందు ముడి వేసి, ఆ తర్వాతే భుజాన వేసుకునేవారు. దళం పెద్ద నాలుగేళ్ళ కిందట పోయాడు. ఇక విప్పేవాళ్ళెవరూ లేరు కదా సారూ అన్నాను. "లేకుంటె ముడి లేనట్టా?" అన్నారు.

ఇదంతా ఆ సభలో చెప్పాను. ఆయనను మాఫ్ చేయడానికి మీరెవరన్నాను. ఆయన అసలు తప్పే చేయలేదని చెప్పి, ఆయన అన్నేళ్ళు మోసిందాన్ని గాలిలో కలపడానికి మీరెవరన్నాను. ఈసారి చప్పట్లు రాలేదు. రావాలని నేను కోరుకోనూ లేదు.

సభ అయ్యాక ఫొటో ముందు పెట్టిన తువ్వాలను పాత సంఘం మనిషి చేతిలోకి తీసుకున్నాడు. "మా దళం తరఫున నేనే ఇప్పుత. సారు ఆత్మకు శాంతి అయితది" అంటూ ముడి మీద గోరు పెట్టాడు. నేను తువ్వాల లాక్కున్నాను. అరవై దాటిన ఆడదాన్ని, నలుగురిలో లాక్కున్నాను. సారు కొడుకు నా వైపు చూసి, "నువ్వే తీస్కపో అక్కా" అన్నాడు.

నిన్న దాన్ని ఉతికి మా దాబా మీది దండెంపై ఆరేశాను. గాలికి ముడి లేని కొస రెపరెపలాడుతోంది. రెండో కొస ముడి బరువుకు కిందికి వేలాడుతోంది. తువ్వాలంతా ఆరింది గానీ, ఆ ముడిలో తడి ఇంకా ఆరలేదు.