గడప దాటని గిర్నీ మాట

ముండరగి ఊళ్లో ఆదర్శ దంపతులెవరని అడిగితే పదేళ్లపాటు అందరూ ఒకే గుమ్మం చూపించారు. అది పిండిగిర్నీ ఫకీరప్ప, నీలవ్వలది. మఠంలో సామూహిక వివాహాలు జరిగిన ప్రతిసారీ వాళ్లిద్దరినీ ముందువరసలో కూర్చోబెట్టి, కొత్త జంటలకు చూపించి, "పనిలో పోట్లాడుకోండి, ఇంట్లో కలిసి తినండి, వీళ్లను చూసి నేర్చుకోండి" అని చెప్పేవారు. వినడానికి ఇంపుగానే ఉండేది. గిర్నీ గోడకు ఇవతల కాపురమున్నవాణ్ణి కనుక నాకు ఆ మాట మొదటి సగమే ఎక్కువగా వినిపించేది.

ఆ కట్టుబాటు పెట్టింది ఫకీరప్ప తల్లి శివగంగవ్వ. ఆవిడ మొగుడు గిర్నీలో ఎవడిమీదో వచ్చిన కోపాన్ని ఇంటికి మోసుకొచ్చి ఆవిడ వీపు మీద దించేవాడట. అందుకని కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే ఇద్దరినీ పిలిచి చెప్పింది. గిర్నీకీ ఇంటికీ మధ్య చిన్న పెరడు, అందులో నీళ్ల తొట్టి. తొట్టి దగ్గర పిండి కడుక్కోవాలి, పిండితోపాటు గొడవనూ కడుక్కోవాలి. గడప లోపల ఎవరి నోట గిర్నీ మాట వస్తే ఆ పూట కంచాలు వాళ్లే కడగాలి. మగవాడు కంచాలు కడిగితే వీధి నవ్వుతుందని ఆవిడకు తెలుసు. కొడుకు నోరు కట్టడానికే ఆ శిక్ష. దెబ్బలు తిన్న మనిషి పెట్టిన నియమం అది. దానికి వంక పెట్టడం తేలిక కాదు.

మొదట్లో ఫకీరప్ప చాలాసార్లు తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎదురింటి దేవక్క పనిగట్టుకుని వచ్చి చూసేది.

"ఏం ఫకీరప్పా, బూడిద చాలిందా? అంచులు సరిగా తోము, ఎంగిలి వదలదు."

"నీవి కూడా తెచ్చి పడేయ్ దేవక్కా. కడిగే చేత్తోనే అవీ కడిగేస్తా."

"మా ఆయన్ని పంపుతాలే, నీ దగ్గర నేర్చుకుంటాడు."

క్రమంగా ఆయన నేర్చుకున్నాడు. అవతల పొట్టు రేగేలా అరుచుకున్న ఇద్దరూ ఇవతల రొట్టె తుంచుకుంటూ వంకాయలో కారం ఎక్కువైందా తక్కువైందా అని మాట్లాడుకునేవారు. గిర్నీలో "ఏయ్, చెవుల్లో పిండి కూరుకున్నావా" అని మొగుణ్ణి కేకేసిన నీలవ్వ, ఇంట్లో "ఏమండీ, ఇంకో రొట్టె వేయనా" అనేది. జనం దీన్ని చూసి మురిసిపోయారు.

అసలు పోట్లాటలు దేనిమీదో చెప్పాలి. జొన్నపిండి సంగతి గోధుమపిండి లాంటిది కాదు. రాళ్లు మరీ దగ్గరగా బిగిస్తే పిండి కాలుతుంది, జిగి చచ్చిపోతుంది, రొట్టె తట్టబోతే అంచులు బీటలిస్తాయి. వదులు చేస్తే రవ్వ పడుతుంది. చక్రం తిప్పి రాళ్ల ఎడం సరిచేసేది ఫకీరప్ప. గొట్టం కింద గుడ్డసంచిలోకి చెయ్యి పెట్టి, పడుతున్న పిండిని బొటనవేలితో నలిపి చూసి, కాలుతోందో లేదో చెప్పేది నీలవ్వ. ఆవిడ చెయ్యెత్తి వేళ్లు విప్పితే వదులు చెయ్యమని, ముడిస్తే బిగించమని. ఆయనకు తోచినప్పుడే తిప్పేవాడు. రాళ్లకు ఉలితో గాట్లు ఎప్పుడు పెట్టాలన్నదానిమీద ఒక గొడవ. గోధుమల తర్వాత జొన్నలు పోసేటప్పుడు మొదటి గుప్పెడు ఎవరి బుట్టలోకి వెళ్లాలన్నదానిమీద ఇంకొకటి.

పదో యేడు వచ్చిన గొడవ బెల్టుది. మోటారు నుంచి మరకు తిరిగే పట్టా బెల్టు సాగిపోయింది, పిండి పట్టి నున్నబడింది. బరువు పడగానే జారేది. జారకుండా తిరుగుతున్న బెల్టుకు గుగ్గిలం ముద్ద రాయడం గిర్నీవాళ్లందరికీ ఉన్న అలవాటే. రాయాలంటే బెల్టుమీద కప్పిన ఇనుపరేకు తొడుగు తీయాలి. దానికి నాలుగు మూలలా స్క్రూలు. పూటకు రెండు మూడుసార్లు విప్పి బిగించడం విసుగై, ఫకీరప్ప తొడుగును తీసి గోడకు ఆనించేశాడు. అది ఆ గోడకే తుప్పు మరకై అంటుకుంది.

రైతుల పంపులకిచ్చే లైనే గిర్నీకీ. పొద్దున కొన్ని గంటలే మూడు ఫేజులూ వస్తాయి. కరెంటున్నంతసేపు మోటారు ఆపేవాడు పిచ్చివాడి కింద లెక్క, ఎందుకంటే బుట్టలు వాకిలి దాకా వరుస కట్టి ఉంటాయి.

"ఆ రేకు పెట్టు," అని నీలవ్వ తూకం దగ్గర్నుంచి అరిచేది.

"ఏ మేకు?"

"రేకు, రేకు. చెయ్యి పోతుంది."

"ఆఁ, పోతుంది, పోతుంది. బేరం పోతుంది."

ఇంతలో కరెంటు పోయేది. మర గుండె ఆగినట్టు నిశ్శబ్దం. ఒకసారి సరిగ్గా ఆ క్షణంలో నీలవ్వ గొంతు ఒక్కటే మిగిలింది. "నీ తలకాయకన్నా ఆ కింది రాయి నయం, అదైనా గాటు పెడితే తీసుకుంటుంది." బుట్టల ఆడవాళ్లంతా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఫకీరప్ప కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత మాట సాగలేదు. ఎలా సాగుతుంది? బేరగాళ్ల ముందు దంపతులు తీరికగా కూర్చుని వాదించుకోరు.

చూడండి ఇప్పుడు. మర తిరిగేటప్పుడు మాట వినపడదు. మర ఆగినప్పుడు జనం వింటారు. జనం లేని చోటు, చప్పుడు లేని చోటు, ఆ ఊళ్లో వాళ్లిద్దరికీ ఒక్కటే ఉంది, అది ఇల్లు. అక్కడ ఆ మాట నిషేధం. పదేళ్లు వీధి వీధంతా మెచ్చుకున్న ఏర్పాటు ఇదీ. రవ్వ పడ్డదానికీ ఉలి మొద్దుబారినదానికీ ఇది చక్కగా సరిపోయింది. ఏ గొడవ కడిగేసుకోవచ్చో ఏది కడగకూడదో తేల్చే పని తొట్టి నీళ్లకు అప్పగించారు.

సజ్జలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం నీలవ్వ గడప దాటింది. ఆ మధ్యాహ్నం బెల్టు అతుకు దగ్గరి ఇనుప క్లిప్పు ఒకటి లేచి ఉండటం ఆవిడ చూసింది. ఫకీరప్ప గుగ్గిలం చేతికి అంటకుండా తువ్వాలు చుట్టుకుని రాస్తుంటే ఆ క్లిప్పు తువ్వాలు పోగు ఒకటి లాక్కుపోయింది. ఆయన చూడలేదు. ఇదంతా తర్వాత ఆవిడే చెప్పింది.

భోజనాల దగ్గర అలసంద కూర వడ్డిస్తూ అంది. "ఏమండీ, ఒక్క మాట. ఆ బెల్టు..."

ఫకీరప్ప రొట్టె తుంచడం ఆపి నవ్వాడు. కోపంగా కాదు, ముచ్చటగా. చాలా ఏళ్ల తర్వాత భార్య ఓడిపోయింది మరి.

"అయిపోయింది. కంచాలు నీవి."

"కంచాలు కడుగుతా. ముందు వినండి. దాని అతుకు..."

"రెండోసారి. రేపటివీ నీవే. అమ్మ పోయినా అమ్మ మాట పోలేదు నీలా. పొద్దున అక్కడ చెప్పు, వింటా."

"అక్కడ వినపడదు."

"గట్టిగా చెప్పు. నీ గొంతుకేం తక్కువ?"

అన్నం తిన్నారు. పక్కింటి పెళ్లి మాటలు మాట్లాడుకున్నారు. ఆవిడ కంచాలు పట్టుకెళ్లి తొట్టి దగ్గర కడిగింది. ఆయన చిలిపిగా గడపలో నిలబడి, "అంచులు తోము, ఎంగిలి వదలదు" అని దేవక్క గొంతు పెట్టి అన్నాడట.

మర్నాడు కరెంటు పొద్దున్నే వచ్చింది. నీలవ్వ చెప్పబోయేసరికే బుట్టలు వచ్చేశాయి, మోటారు తిరిగింది. రెండో బుట్ట సగంలో బెల్టు జారింది. ఆయన తువ్వాలు చేతికి చుట్టి, గుగ్గిలం తీసుకుని వంగాడు. ఆవిడ తూకం వదిలేసి అరిచింది. ఆయన తల తిప్పకుండానే చెయ్యెత్తి వేళ్లు ముడిచాడు. బిగించమంటున్నావా, సరే, అని. ఆవిడ మాటలో ఆయనకు చేరింది అంతే.

క్లిప్పు తువ్వాలును పట్టుకుంది. తువ్వాలు చేతిని తీసుకెళ్లింది. మీట అవతలి గోడకు ఉంది, మధ్యలో బుట్టలు. నీలవ్వ వాటిని తన్నుకుంటూ వెళ్లి ఎర్రబొత్తాం నొక్కింది. నొక్కగానే ఆగడానికి అది దీపం కాదు. రాళ్ల బరువుకు మర ఇంకా కొంతసేపు తిరుగుతుంది. ఆ కొంతసేపు ఏమీ చెయ్యలేక అందరూ చూశారు. నేను గోడ దూకి వెళ్లేసరికి గొట్టంలోంచి పిండి ఇంకా పడుతోంది. దేవక్క సంచి నోరు మూసి పట్టుకుని నిలబడి ఉంది, ఎందుకో ఆవిడకే తెలియదు.

హుబ్బళ్లి ఆస్పత్రిలో మోచేతి పైదాకా తీసేశారు. కుడిచెయ్యి.

ఊళ్లో మాటలు మామూలే. విధి అన్నారు, దిష్టి అన్నారు. అంత అన్యోన్యంగా ఉంటే కళ్లు పడవా అని ఒకావిడ నాతోనే అంది. ఆ అన్యోన్యమే మింగిందమ్మా అని చెప్పబోయి, వినేటట్టు లేదని మానేశాను.

ఫకీరప్ప ఇంటికొచ్చాడు. నీలవ్వ కొత్త బెల్టు వేయించి, తొడుగు బిగించి, మనిషిని పెట్టుకుని గిర్నీ నడిపింది. ఆయన పెరట్లో మంచం వేసుకుని మర చప్పుడు వినేవాడు. ఇంట్లో చెయ్యి ఊసు ఎవరూ ఎత్తలేదు. అది గిర్నీలో పోయింది కనుక గిర్నీ మాట కిందికే వచ్చింది. ఆవిడ రొట్టె తుంచి కంచంలో వేసేది, ఆయన ఎడంచేత్తో తినేవాడు, వంకాయలో కారం సంగతి మాట్లాడుకునేవారు. ఆ మాటలే గోడ ఇవతలికీ వినిపించేవి.

ఒక సాయంత్రం ఆయనే అన్నాడు. "ఈవేళ మర గొంతు మారింది. రాళ్లు కలిసిపోతున్నాయి. పిండి కాల్లేదూ?"

ఆయన లేచి రెండు కంచాలు ఎడంచేత్తో తీసుకుని తొట్టి దగ్గరకు వెళ్లాడు. కంచాన్ని రాయికి ఆనించి మోకాలితో అదిమిపెట్టి తోమబోయాడు. అది జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. ఆవిడ గడపలో నిలబడి చూసింది.

"నేను చెప్పాను," అంది చివరికి. "ఇక్కడే కూర్చుని చెప్పాను."

"చెప్పావు."

"నువ్వు నవ్వావు."

ఇంట్లో ఆవిడ ఆయన్ని నువ్వు అనడం నేను వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆవిడ గొంతు చాలాసేపు తగ్గలేదు. బెల్టు, క్లిప్పు, రేకు, తువ్వాలు, అత్త, కంచాలు, అన్నీ వచ్చాయి. ఆయన మధ్యమధ్య ఏదో అనేవాడు. కంచం రాతిమీద పడ్డ చప్పుడు రెండుసార్లు వినిపించింది.

ఇప్పుడు రోజూ అంతే. పొద్దు వాలితే గోడ అవతల గిర్నీ గొడవే. రాళ్లకు గాట్లెప్పుడు, పనివాడు చక్రం ఎందుకు బిగిస్తున్నాడు, మోటారు ఎందుకు ఆపలేదు. మఠం వాళ్లు ముందువరసలో వేరే జంటను చూసుకున్నారు. దేవక్క నా దగ్గర నిట్టూరుస్తుంది, బంగారంలాంటి కాపురం, చెయ్యి పోయాక చెడిపోయింది అని. చెడిపోయినమాట నిజమే. ఆ ఇంట్లో నవ్వు వినక చాలా కాలమైంది. కంచాలు మాత్రం ఎవరు కడుగుతున్నారో ఇప్పుడు ఎవరూ చూడటం లేదు.