పేరు రాయని ఉత్తరం

మా బడిలో పిల్లల మనసు సంగతులు వినే కౌన్సెలర్ జిబెక్. నేను నర్సుని. పదకొండేళ్లు ఒకే వరండాలో, పక్కపక్క గదుల్లో పనిచేశాం. ఆమెకి స్నేహితులు తక్కువ, నాకు ఓర్పు తక్కువ. బొగ్గు గనుల ఊళ్లో మెల్లగా మాట్లాడే మనిషికి విలువ ఉండదు. టీచర్లు ఆమెని "టీ డాక్టరు" అనేవారు, ఏడ్చే పిల్లలకి ముందు టీ ఇస్తుందని. వాళ్లలో ఒక్కరు కూడా తమ క్లాసులో ఎవరు ఏడుస్తున్నారో చూసిన పాపాన పోలేదు.

కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ ఆమె ఒకటే మాట చెప్పేది. "ఇక్కడి మాట బయటికి పోదు. నీకు నువ్వు హాని చేసుకుంటున్నా, నీకు ఇంకొకళ్లు చేస్తున్నా, నువ్వు ఇంకొకళ్లకి చేయబోతున్నా, అప్పుడు మాత్రం నేను దాచలేను." ఆ మూడూ మళ్లీ ఆ పిల్ల నోటితోనే చెప్పించేది. చెప్పించాకే టీ.

తోల్కిన్ కూడా ఆ మూడూ చెప్పింది. తొమ్మిదో తరగతి, పదిహేనేళ్లు. పేరు మార్చాను. ఈ కథ చెప్పమని ఆ పిల్లే అంది కాబట్టి చెబుతున్నాను. వాళ్ల నాన్న దౌరెన్ గనిలో ఒక విభాగానికి పెద్ద, మా బడి తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడు. బడి హాల్లో తెరలు ఆయన కొనిచ్చినవే. ఆ తెరలకి మా వాళ్లు దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ.

మూడోసారి వచ్చినప్పుడు పిల్ల నోరు విప్పింది. నాన్న కొడతాడని, ఎడమ చెవి సరిగ్గా వినబడటం లేదని. చెప్పి, వెంటనే కాళ్లావేళ్లా పడింది, ఎవరికీ చెప్పొద్దని. జిబెక్ నాలుగు రోజులు నలిగిపోయింది. చివరికి, నగరంలో తన పనిని పర్యవేక్షించే రౌషన్ గారికి ఉత్తరం రాసింది. తర్వాత ఊరంతా ఆ ఉత్తరాన్ని నమిలింది కాబట్టి నాకూ నోటికి వచ్చు:

"రౌషన్ గారూ, నా దగ్గరికి వచ్చే ఒక విద్యార్థి, వయసు పద్నాలుగు, పదహారుకి మధ్య. తండ్రి కొడుతున్నాడు. ఇప్పుడు ఒంటి మీద గుర్తులు లేవు, ఒక చెవికి వినికిడి తగ్గింది. చనిపోవాలనే ఆలోచన ఉందా అని నేరుగా అడిగాను, లేదంది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుతోంది. ముందే హద్దులు చెప్పాను, అయినా మాట తప్పుతున్నట్టే ఉంది. వెంటనే ఫిర్యాదు చేయాలా, లేక ముందు ఆమెని ఒప్పించడానికి కొంత సమయం తీసుకోవచ్చా? తల్లికి చెప్పొచ్చా? కౌన్సెలింగ్ రిజిస్టర్‌లో ఎంత రాయాలి? ఒక్క సంగతి నన్ను వదలటం లేదు. కొత్త సంవత్సరం విందులో తండ్రి గొర్రె తలకాయ నుంచి చెవి కోసి, అతిథులందరి ముందు ఆమె చేతిలో పెట్టి, 'ఇకనైనా విను' అన్నాడట. ఆ రాత్రి ఆమె చెవి మీదే కొట్టాడు."

పెద్దల మాట వినాలని పిల్లలకి గొర్రె చెవి పెట్టడం మా అందరి ఇళ్లలోనూ ఉన్నదే. కానీ "ఇకనైనా" అని నలుగురిలో అనడం దౌరెన్ ఒక్కడికే చెల్లింది. ఆ బల్ల దగ్గర కూర్చున్న వాళ్లలో మా డిప్యూటీ హెడ్ కుల్పాష్ కూడా ఉంది.

బడి నుంచి బయటికి పోయే ప్రతి కాగితానికీ కుల్పాష్ నంబరు వేయాలి. పేరు లేదు, తరగతి లేదు కదా అని జిబెక్ ఆ ఉత్తరాన్ని కవరు కూడా అంటించకుండా ఆమె బల్ల మీద పెట్టి వచ్చింది. ఇంత చదువుకున్న మనిషి. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు మొదటి గంటకే తోల్కిన్ నా గదికొచ్చింది. దవడ వాచి ఉంది. చెవి నుంచి సన్నగా రక్తం.

"ఎవరు కొట్టారమ్మా?"

"కుల్పాష్ మేడమ్ రాత్రి నాన్నకి ఫోన్ చేశారు" అంది, అదే జవాబన్నట్టు.

నేను గాజుగుడ్డ అద్దుతూ జిబెక్‌ని కేకేశాను. వచ్చింది, చూసింది. ఒక్క నిమిషం ఆగమని వరండాలోకి వెళ్లి రౌషన్ గారికి ఫోన్ చేసి, ఉత్తరంలో రాసిందంతా చెప్పింది. అవతలి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"గుర్తులు లేకపోతే ఏం? వినికిడి తగ్గిందంటున్నావుగా. హద్దు ఆ రోజే దాటింది. ఆ రోజే నాకు ఫోన్ చేయాల్సింది, ఉత్తరం కాదు. పేరొక్కటి తీసేస్తే మనిషి దాగదు జిబెక్. సరే, నన్ను తర్వాత తిట్టనియ్యి. ఇప్పుడు ఫిర్యాదు చెయ్. హెడ్ అనుమతి అక్కర్లేదు. పిల్ల అనుమతి కూడా అక్కర్లేదు. కానీ అందరికంటే ముందు పిల్లకి తెలియాలి. తండ్రికి మాత్రం ఒక్క ముక్క చెప్పకు."

జిబెక్ లోపలికొచ్చి పిల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"తోల్కిన్, ఆ ఉత్తరం రాసింది నేనే. సలహా కోసం రాశాను. నిన్ను గుర్తుపట్టే సంగతి అందులో పెట్టాను, వేరేవాళ్లకి దొరికేలా పెట్టాను. తప్పు నాది. ఇప్పుడు పిల్లల రక్షణ వాళ్లకి ఫోన్ చేస్తున్నాను. నువ్వు వద్దన్నా చేస్తాను. చేసేముందు నీకు చెబుతున్నాను."

పిల్ల ఏడవలేదు. "మూడూ నాతో చెప్పించారు కదా టీచర్" అంది. "నాలుగోది ఎందుకు చెప్పలేదు? మీరు వేరేవాళ్లకి రాస్తారని?"

 జిబెక్ ఫోన్ తీసి పిల్లల రక్షణ నంబరు 111 నొక్కింది. తోల్కిన్ వింటుండగానే అంతా చెప్పింది.

ఆ మాటలు పూర్తవుతుండగానే కుల్పాష్ తలుపు తోసుకొచ్చింది. వెనకాల దౌరెన్, గని జాకెట్టుతోనే. పిల్ల నా వెనక్కి జరిగింది. నేను వచ్చిన ఇద్దర్నీ వరండాలోకి నెట్టాను. నా ఒళ్లు అందుకు సరిపోతుంది. జిబెక్ నా వెనకే వచ్చింది.

"ఇంటి గుట్టు బజారున పెట్టడానికి నీకు జీతమిస్తున్నారా?" అన్నాడు దౌరెన్. "నా కూతురు నీకేం చెప్పింది? ఆ రిజిస్టర్ ఇటివ్వు."

"ఇచ్చెయ్ జిబెక్" అంది కుల్పాష్. "కన్నతండ్రి. నీకు పిల్లల్లేరు, నీకేం తెలుస్తుంది?"

"రిజిస్టర్ అడిగే హక్కున్నవాళ్లు వస్తున్నారు. వాళ్లకిస్తాను."

"బడి పరువు తీస్తావా? ఆయన మన కమిటీ..."

"తెరలిచ్చాడు, తెలుసు" అన్నాను నేను. "విప్పి పట్టుకుపొమ్మను."

కుల్పాష్ నన్ను పైనుంచి కిందికి చూసి, నీ సంగతి తర్వాత చెబుతానంది. తర్వాత నిజంగానే చెప్పింది. ఆ ఏడు నాకు బోనస్ రాలేదు. నాలుగు రోజులు ఆగినందుకు, ఉత్తరానికి, జిబెక్‌కి మందలింపు వచ్చింది. తండ్రికి ఫోన్ చేసినందుకు కుల్పాష్‌కి ఏమీ రాలేదు. ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు.

గంటన్నరలో పిల్లల రక్షణ విభాగం అధికారిణి, ఒక మహిళా ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ముందు పిల్లతో విడిగా మాట్లాడాలన్నారు. తోడుగా ఎవరు ఉండాలో పిల్లనే అడిగారు.

జిబెక్ అప్పటికే కుర్చీ లాక్కుంది. పదకొండేళ్లుగా ఇలాంటి గదుల్లో పిల్లల పక్కన కూర్చునేది ఆమే.

"నర్సమ్మ ఉండొచ్చు" అంది తోల్కిన్. "ఈవిడ వద్దు."

జిబెక్ కుర్చీని ఎక్కడిది అక్కడ పెట్టి, బయటికెళ్లి తలుపేసింది. లోపల ఆ పిల్ల రెండు గంటలు మాట్లాడింది. బయట దౌరెన్ రెండుసార్లు తలుపు దాకా వచ్చాడు. రెండుసార్లూ జిబెక్ అడ్డంగా నిలబడిందట. ఏ మాటలు అన్నాడో ఆమె నాకు చెప్పలేదు, కానీ ఆ వరండా మొత్తం వింది.

సాయంత్రం పిల్లని ఆసుపత్రిలో చూపించి, అక్కడినుంచి పిన్ని ఇంటికి తీసుకెళ్లారు. వెళ్తూ తోల్కిన్ జిబెక్‌కి జానెడు దూరంలోంచి నడిచింది, తల తిప్పలేదు.

"ఏడ్చెయ్, ఏడిస్తే పోతుంది" అన్నాను నేను.

"ఏడుపెందుకు?" అంది జిబెక్. "వద్దు అనడం వచ్చింది దానికి. మొదటి 'వద్దు' నాతోనే అంది."